ముగ్గురం కలిసి సంతకం పెట్టాం, ఒకామె వెళ్లిపోయింది. ఆమె వాటా అద్దె కూడా మేమే కట్టాలా?

సర్జాపూర్_సన్నజాజి
బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో మూడు పడగ్గదుల ఫ్లాటు. జూన్ 1న ముగ్గురం స్నేహితురాళ్లం ఒకే అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టి చేరాం. గడువు పదకొండు నెలలు. మొదటి ఆరు నెలలు ఖాళీ చేయకూడదు, ఆ తర్వాత ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అద్దె 45,000. అడ్వాన్సు 2,70,000, తలా 90,000 వేసుకున్నాం. అద్దె మాత్రం సమానంగా పంచుకోలేదు. లోపలే బాత్రూము ఉన్న పెద్ద గది ఆమెది 18,000, నాది 14,000, మూడో అమ్మాయిది 13,000.

పెద్ద గది ఆమెకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. అక్టోబరు 12న వాట్సాప్ గ్రూపులో చెప్పింది, 20న సామాను సర్దుకుని వెళ్లిపోయింది. అక్టోబరు అద్దె పూర్తిగా కట్టింది. నవంబరుది కట్టలేదు. "నేను ఉండని ఇంటికి అద్దె ఎందుకు కడతాను? కావాలంటే నా అడ్వాన్సులో కోసుకుని మిగిలింది పంపండి" అంటోంది.

మేమిద్దరం మా వాటా 27,000 ఓనరుకు పంపాం. గంటలోపే ఆయన నుంచి మెసేజి: "18,000 తక్కువ వచ్చింది, ఈ వారంలో పంపండి." ఆమె నంబరు ఇస్తాను, ఆమెనే అడగండి సార్ అన్నాను. "ముగ్గురిలో ఎవరు ఎంత కట్టుకుంటారో నాకు అక్కర్లేదమ్మా, నాకు ఇల్లు ఒకటి, అద్దె ఒకటి" అన్నారు. ఇది న్యాయమేనా? మా వాటా మేము కట్టాక కూడా మమ్మల్ని అడిగే హక్కు ఆయనకు ఉందా?

కోరమంగల_కుర్రాడు
లేదు. ఎవరి వాటా వారిదే. మీరు 14,000 పంపినట్టు బ్యాంకు రికార్డు ఉంది కదా, అక్కడితో మీ పని అయిపోయింది. మిగిలింది ఓనరుకూ ఆమెకూ మధ్య వ్యవహారం. పైగా చట్టప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు, రెండు నెలలు అని రాసుకున్నా చెల్లదు. ఆమె 12న చెప్పింది కాబట్టి నెలాఖరుకే ఆమె లెక్క పూర్తయింది.

పీజీ_ప్రయాణికుడు
నాకూ ఇదే జరిగింది. మారతహళ్లిలో పీజీలో ఉన్నప్పుడు నా గదిలో ఉన్నతను చెప్పకుండా వెళ్లిపోతే యజమాని నన్ను ఒక్క రూపాయి అడగలేదు. వారంలో ఇంకొకరిని తెచ్చి ఆ మంచం మీద వేశాడు. గట్టిగా మాట్లాడండి, ఆయనే దిగివస్తారు.

దావా_దారి
పీజీ గారూ, మీది వేరే కథ. పీజీలో మంచానికి ఒక ఒప్పందం. మీ పక్క మంచం మీద ఎవరున్నా మీకు సంబంధం లేదు, అలాగే ఆ మంచాన్ని ఎవరికి ఇవ్వాలో చెప్పే హక్కు కూడా మీకు లేదు. ఇక్కడ ముగ్గురూ కలిసి ఒకే మాట ఇచ్చారు, ఇల్లు మొత్తం తీసుకుంటాం, అద్దె మొత్తం కడతాం అని.

సన్నజాజి గారూ, ఒక్కసారి మీ అగ్రిమెంటు మొదటి పేజీ తీసి చూడండి. మీ ముగ్గురి పేర్ల కింద ఏమని రాశారు? అద్దె గురించిన షరతులో 45,000 అని ఒకే అంకె ఉందా, మూడు అంకెలు ఉన్నాయా? అది చూశాక మాట్లాడుకుందాం. నేను పద్నాలుగేళ్లుగా సివిల్ కోర్టుల్లో పనిచేస్తున్నాను, ఇలాంటి కాగితాలు చాలా చూశాను.

సర్జాపూర్_సన్నజాజి
తీశాను. మూడు పేర్లు, మూడు ఆధార్ నంబర్లు, వాటి కింద "వీరందరినీ కలిపి ఇకపై అద్దెదారు అని పిలుస్తారు" అనే అర్థం వచ్చే వాక్యం. అద్దెదారులు అని కాదు, ఏకవచనమే. అద్దె 45,000 అని ఒకే అంకె. 18, 14, 13 అన్న లెక్క ఎక్కడా లేదు. అయితే "ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు" అన్న మాట కూడా ఎక్కడా లేదు. నెట్‌లో చదివితే ఆ మాట ఉంటేనే పట్టుకోగలరని అన్నారు.

కోరమంగల_కుర్రాడు
చూశారా, ఆ మాట లేదు. అయిపోయింది.

దావా_దారి
కుర్రాడు గారూ, ఇతర దేశాల పుస్తకాలు చదివితే అలా అనిపిస్తుంది. మన దగ్గర లెక్క తలకిందులు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ఏమంటుందంటే, ఇద్దరో ముగ్గురో కలిసి ఒక మాట ఇస్తే, వేరేగా స్పష్టంగా రాసుకుంటే తప్ప, ఆ మాట మొత్తాన్ని నెరవేర్చమని వారిలో ఏ ఒక్కరినైనా నిలదీయవచ్చు. అంటే ఆ మాట రాయకపోయినా బాధ్యత ఉన్నట్టే. దాన్ని తప్పించుకోవాలంటేనే రాసుకోవాలి. "ఒక్కొక్కరి బాధ్యత వారి వాటా వరకే" అని మీ అగ్రిమెంటులో లేదు. కాబట్టి ఓనరు 45,000 కోసం మిమ్మల్ని ఒక్కరినే అడిగినా చెల్లుతుంది, మూడో అమ్మాయిని ఒక్కరినే అడిగినా చెల్లుతుంది, హైదరాబాదులో ఉన్న ఆమెను అడిగినా చెల్లుతుంది. ఆయన చేతికి అందేది మీరు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నారు.

పదిహేను రోజుల మాట కూడా సగమే నిజం. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌లో నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు అని ఉన్న మాట వాస్తవమే. కానీ అది వేరే ఒప్పందం లేనప్పుడు. వీరు ఆరు నెలలు, రెండు నెలలు అని రాసుకున్నారు, అదే నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అక్టోబరు 12న ఆమె చెప్పింది మీకు. ఓనరుకు చెప్పిందా?

సర్జాపూర్_సన్నజాజి
లేదు. ఓనరుకు ఎవరూ చెప్పలేదు. నవంబరు అద్దె తక్కువ వచ్చాకే ఆయనకు తెలిసింది.

జయనగర_ఇంటాయన
నేను ఓనర్ల వైపు నుంచి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. నాకు రెండు ఫ్లాట్లు ఉన్నాయి, రెండింటిలోనూ ఉద్యోగాలు చేసుకునే పిల్లలే. ముగ్గురి జీతాలు కలిపి చూసి 45,000 కట్టగలరని నమ్మి ఇల్లిస్తాం. ఒక్కరికే ఇవ్వమంటే ఇచ్చేవాళ్లం కాదు. ఒకరు వెళ్లిపోతే ఆ లోటు మేము భరించాలని అంటే, ముగ్గురి సంతకాలు తీసుకోవడంలో అర్థమేముంది? మీ ఓనరు గద్దించినట్టు అనిపించవచ్చు, కానీ ఆయన అడిగింది తప్పు కాదు. నన్ను ముందే వచ్చి అడిగి ఉంటే వేరే అమ్మాయిని చేర్చుకోవడానికి ఒప్పుకునేవాడిని. చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు, ఇల్లు ఖాళీ పెట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అడయారు_అలేఖ్య
చెన్నైలో మేము వేరేలా చేశాం. నలుగురం, నాలుగు అగ్రిమెంట్లు, గదికి ఒకటి. ఎవరి అద్దె వారిది, ఎవరి అడ్వాన్సు వారిది. ఒకరు వెళ్లినా మిగతావారిని ఎవరూ అడగలేదు. ఇక్కడ 2017 నాటి అద్దె చట్టం వచ్చాక అడ్వాన్సు కూడా మామూలుగా మూడు నెలలే తీసుకుంటున్నారు, మీ ఊళ్లోలాగా ఆరు, పది నెలలు కాదు. మీరూ అలా చేసి ఉండాల్సింది.

అయితే ఒక ఇబ్బంది ఉంది, అది కూడా చెప్పాలి. నాలుగో అమ్మాయి వెళ్లిపోయాక ఓనరు మమ్మల్ని అడగకుండానే ఎవరో తెలియని ఆవిడను ఆ గదిలోకి తెచ్చారు. మేము కాదనలేకపోయాం. ఆమె రాత్రి పన్నెండింటికి మిక్సీ వేసేది. మూడు నెలలు భరించాం.

దావా_దారి
అలేఖ్య గారు చెప్పింది బంగారం లాంటి మాట. విడివిడి ఒప్పందాలంటే బాధ్యత కూడా విడిపోతుంది, ఇంట్లోకి ఎవరు రావాలో ఎంచుకునే హక్కూ పోతుంది. ఒకే ఒప్పందమంటే ఇల్లు మొత్తం మీది, బాధ్యత మొత్తం మీది. రెండింటిలో ఏది కావాలో సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి.

మళ్లీ_మూడోగది
నేను వెళ్లిపోయిన వాడి వైపు నుంచి మాట్లాడతాను. బీటీఎం లేఅవుట్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. ఎనిమిదో నెలలో నేను బయటకు వచ్చేశాను. మిగతా ఇద్దరూ మంచి స్నేహితులు, "నువ్వు వెళ్లరా, మేం చూసుకుంటాం" అన్నారు. ఓనరు కూడా ఫోనులో "సరే" అన్నాడు. ఒక్క కాగితం రాసుకోలేదు. వాళ్లు గడువు అయిపోయాక కూడా అక్కడే ఉన్నారు, కొత్త అగ్రిమెంటు లేకుండానే. నాలుగు నెలలు కట్టారు, తర్వాత ఇద్దరికీ ఉద్యోగాలు పోయాయి, ఆపేశారు. నేను ఆ ఇంటి ముఖం చూసి ఏడెనిమిది నెలలయ్యాక ముగ్గురి పేర్ల మీదా లాయరు నోటీసు పంపాడు ఓనరు. అది కూడా పాత ఇంటి అడ్రసుకే వచ్చింది. నా స్నేహితుడు ఫోటో తీసి పంపితే తెలిసింది. అద్దె బాకీ, పగిలిన సింకు, చెడిపోయిన గీజరు, అన్నిట్లోనూ నా పేరు ఉంది. ఆ గీజరు నేను ఉన్నప్పుడు బాగానే ఉండేది, కానీ దానికి నా దగ్గర ఏ రుజువూ లేదు. చివరకు నా వాటా అడ్వాన్సు వదులుకుని బయటపడ్డాను.

కాబట్టి సన్నజాజి గారూ, ఆ హైదరాబాదు ఆమెకు కూడా ఈ చర్చ పంపండి. ఆమె విడుదలయ్యానని అనుకుంటోంది. కాలేదు.

కోరమంగల_కుర్రాడు
నోటీసు మీ చేతికి రాకపోతే అది చెల్లదు కదా? పాత అడ్రసుకు పంపితే ఎలా?

దావా_దారి
చెల్లుతుంది. కలిసి అద్దెకు తీసుకున్నవారిలో ఒకరికి నోటీసు అందితే అందరికీ అందినట్టేనని సుప్రీంకోర్టు 1962లోనే కంజీ మాంజీ కేసులో చెప్పింది. అది ఖాళీ చేయించే నోటీసు గురించిన మాట. వెళ్లిపోయినవారు పేరు తీయించుకోకపోతే వచ్చే చిక్కు ఇదే, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో వారికి తెలియదు, కానీ తెలిసినట్టే లెక్క.

మూడోగది గారి విషయంలో గడువు ముగిశాక వచ్చిన బాకీకి ఆయన బాధ్యుడా అన్నది నిజంగా వాదించదగ్గ విషయం. పదకొండు నెలలు అయిపోయాక ఓనరు ఆ ఇద్దరి దగ్గరే అద్దె తీసుకుంటూ కొనసాగించాడు కాబట్టి అది ఆ ఇద్దరితో కొత్త అద్దె అని నేనైతే వాదించేవాడిని. ఎదుటి లాయరు ముగ్గురి అడ్వాన్సూ ఓనరు దగ్గరే ఉంది కదా, పాత అద్దే కొనసాగిందని అనేవాడు. ఓనరు ఫోనులో "సరే" అన్నది రాతలో ఉండి ఉంటే ఈ వాదనే అక్కర్లేకపోయేది.

పీజీ_ప్రయాణికుడు
పోలీసు కంప్లయింటు ఇస్తే? ఆమె డబ్బు ఎగ్గొట్టింది కదా.

జయనగర_ఇంటాయన
పోలీసులు ఇందులోకి రారండీ. ఇది సివిల్ తగాదా. స్టేషనుకు వెళితే సగం రోజు పోతుంది.

సర్జాపూర్_సన్నజాజి
ఆమె మీద కేసు పెట్టాలని నాకు లేదు. ఇంటర్ నుంచి స్నేహితురాలు. ఇప్పుడు ఏం చేయాలో చెప్పండి. 18,000 మేము కట్టేస్తే అది ఇక మా నెత్తిన పడినట్టేనా? ఆమె అడ్వాన్సులోంచి కోసుకోమని ఓనరుకు చెప్పవచ్చా?

దావా_దారి
రెండు లెక్కలు వేరు చేసి చూడండి. ఒకటి ఓనరుకూ మీ ముగ్గురికీ మధ్య. రెండోది మీ ముగ్గురి మధ్య.

మొదటి దానిలో ఓనరు పుస్తకంలో అడ్వాన్సు మూడు ముక్కలుగా లేదు. 2,70,000 ఒకే ముద్ద. అందులో "ఆమె 90,000" అనేది మీ లెక్క, ఆయనది కాదు. అందుకే ఆమె వాటాలో కోసుకోండి అని చెప్పినా ఆయన వినాల్సిన పనిలేదు. మీ అగ్రిమెంటులో అడ్వాన్సును అద్దె కింద జమ చేసుకోకూడదని కూడా రాసి ఉంటుంది, చూడండి. ఇవాళ కోసుకుంటే చివరిలో ముగ్గురికీ తగ్గుతుంది. కాబట్టి 18,000 కట్టండి. కట్టకపోతే ఇల్లు పోయేది మీ ఇద్దరికే.

రెండో దానిలో మీరు చేయి చాపే హక్కు ఉంది. అదే 43వ సెక్షన్ చెబుతుంది, తన వంతు మించి కట్టిన వ్యక్తి మిగతావారి నుంచి రాబట్టుకోవచ్చు. మీరు కట్టిన రోజు నుంచి మూడేళ్ల వరకు అడగవచ్చు. అందుకే కట్టే ముందు ఆమెకు ఒక మెసేజి పెట్టండి: "నవంబరు నీ వాటా 18,000 నీ తరఫున మేము కడుతున్నాం, ఇది మాకు తిరిగి రావాలి." బ్యాంకులో పంపేటప్పుడు కూడా వివరంలో నవంబరు అద్దె, ఫలానా వారి వాటా అని రాయండి.

లెక్కల_లక్ష్మి
ఒక ప్రశ్న. ఆమె వాటా 18,000 అని ఎలా అంటాం? రాతలో లేదు. సమానంగా పంచితే 15,000. రేపు ఆమె "చట్టం సమానం అంటుంది, నేను 15,000 కంటే ఇవ్వను" అంటే?

సర్జాపూర్_సన్నజాజి
లక్ష్మి గారూ, నిన్న రాత్రి ఆమె సరిగ్గా అదే మాట అంది! వాళ్ల అన్నయ్య ఎవరో చెప్పారట.

దావా_దారి
ఆ అన్నయ్య సగం చదివారు. సమానంగా అన్నది వేరే ఉద్దేశం కనిపించనప్పుడే. జూన్ నుంచి అక్టోబరు వరకు ఐదు నెలలూ ఆమె ఖాతా నుంచి 18,000 చొప్పున వెళ్లాయా?

సర్జాపూర్_సన్నజాజి
వెళ్లాయి. ఐదు సార్లూ నా ఖాతాకే వేసింది, నేను కలిపి ఓనరుకు పంపేదాన్ని. గ్రూపులో మే 28న "పెద్ద గది నేను తీసుకుంటా, మూడు వేలు ఎక్కువ ఇస్తా" అని ఆమె పెట్టిన మెసేజి కూడా ఉంది.

దావా_దారి
అంతకంటే ఏం కావాలి. ఆ సంభాషణ చెరిపేయకండి. ఫోను మార్చినా భద్రం చేసుకోండి.

ఇంకో మాట కూడా చెబుతాను, అందరికీ తెలియదు. ఒకవేళ ఆమె దగ్గర నుంచి ఎప్పటికీ రాబట్టలేకపోతే, ఆ నష్టాన్ని మిగిలిన ఇద్దరూ సమానంగా మోయాలని అదే సెక్షన్ అంటుంది. అంటే 18,000లో మీది 9,000, మూడో అమ్మాయిది 9,000. నా గది చిన్నది కదా, నువ్వు ఎక్కువ పెట్టుకో అని మీరిద్దరూ తగవు పడకుండా ముందే మాట్లాడుకోండి.

కోరమంగల_కుర్రాడు
ఒప్పుకుంటున్నాను, నేను తప్పు చెప్పాను. కానీ ఒకటి అడుగుతాను. ఆమె గడువు అయ్యేదాకా, అంటే ఏప్రిల్ నెలాఖరు దాకా, నెల నెలా 18,000 ఇస్తూనే ఉండాలా? అది ఆమెకు అన్యాయం కదా. వీళ్లు కొత్తవాళ్లను వెతక్కుండా కూర్చుంటే?

దావా_దారి
మంచి ప్రశ్న. ఓనరు ముందు మాత్రం ముగ్గురూ ఏప్రిల్ దాకా ఉంటారు, అందులో మార్పు లేదు. స్నేహితుల మధ్య ఎంతకాలం అన్నది రాతలో లేనప్పుడు న్యాయమైన హద్దు ఏదో ఒకటి ఉండాలి. నా అభిప్రాయం: ఈ ఇద్దరూ నిజాయతీగా వెతకాలి, వెతికినట్టు కనిపించాలి. ఆరు నెలల షరతు నవంబరు 30తో అయిపోతుంది, ఇప్పుడే నోటీసు ఇస్తే ముగ్గురూ జనవరిలో బయటపడే దారి ఉంది. ఆ తర్వాత కూడా ఇద్దరూ తమ ఇష్టంతో ఉండి ఆమెను కట్టమంటే ఏ జడ్జీకీ నచ్చదనుకుంటాను.

జయనగర_ఇంటాయన
నేను ఒప్పుకోను. ఆమె సంతకం పెట్టింది పదకొండు నెలలకు. ఏప్రిల్ దాకా ఆమెదే బాధ్యత. మాట అంటే మాట.

మళ్లీ_మూడోగది
ఓనరుకు ఇచ్చిన మాట వేరు, స్నేహితులకు ఇచ్చిన మాట వేరండీ. దావా_దారి గారు చెప్పింది అదే.

సర్జాపూర్_సన్నజాజి
ఒక శుభవార్త. మూడో అమ్మాయి ఆఫీసులో ఒకామె డిసెంబరు 1 నుంచి పెద్ద గదికి వస్తానంది, 18,000కు ఒప్పుకుంది. 90,000 అడ్వాన్సు కూడా ఇస్తానంది. ఆ 90,000 నేరుగా హైదరాబాదుకు పంపేస్తే లెక్క సరిపోతుంది కదా? నవంబరుది మినహాయించుకుని 72,000.

లెక్కల_లక్ష్మి
ఆగండి, ఆగండి. పెయింటు మరిచిపోయారు. బెంగళూరులో ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె పెయింటింగ్ కింద పట్టుకుంటారు కదా. మీ అగ్రిమెంటులో ఉందా?

సర్జాపూర్_సన్నజాజి
ఉంది. ఒక నెల అద్దె, 45,000.

లెక్కల_లక్ష్మి
చూశారా. ఏప్రిల్‌లో ఓనరు 45,000 పట్టుకుంటే తలా 15,000. కొత్తగా వచ్చే అమ్మాయి ఐదు నెలలే ఉండి ఆ గదికి పూర్తి పెయింటు ఖర్చు భరిస్తుంది, గోడల మీద మేకులు కొట్టిన ఆమె ఒక్క రూపాయి లేకుండా వెళ్లిపోతుంది. నేను అయితే పదకొండు నెలల్లో ఆమె ఉన్న ఐదు నెలలకు వంతు వేస్తాను. 15,000లో పదకొండోవంతులు ఐదు అంటే సుమారు 6,800. అక్టోబరు కరెంటు బిల్లు ఎంత?

సర్జాపూర్_సన్నజాజి
2,100. ఆమె వాటా ఇవ్వలేదు.

లెక్కల_లక్ష్మి
అది 700. అయితే 90,000 నుంచి నవంబరు 18,000, పెయింటు 6,800, కరెంటు 700 తీసేస్తే 64,500. అది ఆమెకు పంపాల్సింది. పెయింటు 6,800 మాత్రం కొత్త అమ్మాయి పేరున పక్కన ఉంచండి, ఏప్రిల్‌లో ఆమె వాటాకు కలపండి. మీ ఇద్దరి జేబులోకి వెళ్లకూడదు.

కోరమంగల_కుర్రాడు
నవంబరు అద్దె కూడా ఆమె గదిదే కాబట్టి పెయింటు ఆరు నెలలకు వేయాలి కదా?

లెక్కల_లక్ష్మి
వేయవచ్చు. అప్పుడు సుమారు 8,200 అవుతుంది. ఇంట్లో ఉన్నది ఐదు నెలలు కూడా నిండలేదని ఆమె అంటుంది. ఈ ఒక్కటి మీరు ముగ్గురూ కూర్చుని ఒప్పుకోవాల్సిందే.

దావా_దారి
లెక్క బాగుంది. కానీ డబ్బు ఒకరి నుంచి ఇంకొకరికి నేరుగా వెళ్లేముందు కాగితం కావాలి. లేకపోతే ఏం జరుగుతుందో చూడండి: కొత్త అమ్మాయి 90,000 హైదరాబాదుకు పంపుతుంది, కానీ ఓనరు కాగితంలో అడ్వాన్సు ఇచ్చినవారు పాత ముగ్గురే. ఏప్రిల్‌లో ఆయన మీలో ఎవరికి ఇచ్చినా ఇచ్చేశాననే అంటారు. కొత్త అమ్మాయికి ఆయన మీద పట్టే ఉండదు. ఆమె అద్దె ఆపేస్తే ఆయన ఆమెను అడగలేరు, మళ్లీ మిమ్మల్నే అడుగుతారు. వెళ్లిపోయినామె పేరు అలాగే ఉంటుంది.

అగ్రిమెంటుకు అనుబంధంగా ఒక చిన్న కాగితం, ఈ-స్టాంపు మీద, ఐదుగురి సంతకాలతో చేయించండి. ఓనరు, పాత ముగ్గురు, కొత్త అమ్మాయి. అందులో ఉండాల్సింది ఫలానా తేదీ నుంచి ఫలానా ఆమె అద్దెదారు కాదు, ఆ తేదీ తర్వాతి ఏ బాధ్యతా ఆమెకు లేదు, ఆ తేదీ వరకు ఓనరుకు ఆమె నుంచి రావాల్సింది ఏమీ లేదు. ఆమె స్థానంలో కొత్త అమ్మాయి అవే షరతులతో చేరుతోంది. ఓనరు దగ్గర ఉన్న 2,70,000 ఇకపై మిగిలిన ఇద్దరిదీ కొత్త అమ్మాయిదీ. ఆఖరి వాక్యాన్ని ఎవరూ రాయరు, తర్వాత గొడవలన్నీ దాని గురించే వస్తాయి.

ఇంకో జాగ్రత్త. ఓనరు ఒక్కరే ఆమెకు "నువ్వు వెళ్లు, నీకు నాతో బాకీ లేదు" అని రాసిచ్చినా సరిపోదు. అదే కాంట్రాక్టు చట్టం 44వ సెక్షన్ ప్రకారం ఒకరిని వదిలేసినంత మాత్రాన మిగతావారు విడుదల కారు, వదిలేయబడినవారు తమ తోటివారి బాకీ నుంచి కూడా విడుదల కారు. అందుకే మీ ఇద్దరి సంతకమూ ఆమెకు కావాలి, ఆమెకు అది చెప్పండి. అప్పుడు తొందరగా ఒప్పుకుంటుంది.

జయనగర_ఇంటాయన
ఓనరు పూర్తిగా కొత్త అగ్రిమెంటు రాద్దామంటే జాగ్రత్త. మేము మామూలుగా అదే అంటాం, మా బ్రోకరుకు అదే తేలిక. కానీ కొత్తది రాస్తే మళ్లీ మొదటి నెల నుంచి లెక్క. ఆరు నెలల షరతు కొత్తగా మొదలవుతుంది, అద్దె కూడా పెంచమంటారు. అనుబంధమే అడగండి.

మళ్లీ_మూడోగది
ఆ రోజు గది ఫోటోలు, వీడియో తీసి గ్రూపులో పెట్టండి. గీజరు వేసి నీళ్లు వేడెక్కుతున్నట్టు కూడా తీయండి. నాకు ఆ రెండు నిమిషాల వీడియో ఉండి ఉంటే నా అడ్వాన్సు నాకు వచ్చేది.

అడయారు_అలేఖ్య
కొత్త అమ్మాయికి కూడా పాత మరకలు చూపించండి. ఏప్రిల్‌లో అవి ఆమె మీద పడకూడదు.

సర్జాపూర్_సన్నజాజి
ఓనరుతో మాట్లాడాను. 18,000 కట్టాక ఆయన గొంతు మారింది. అనుబంధానికి ఒప్పుకున్నారు, కొత్త అమ్మాయి ఆఫీసు గుర్తింపు కార్డు, ఆధార్, పోలీసు స్టేషనులో ఇచ్చే అద్దెదారు వివరాల పత్రం అడిగారు. స్టాంపు ఖర్చు మమ్మల్నే పెట్టుకోమన్నారు.

హైదరాబాదు ఆమెకు ఈ చర్చ పంపాను. రాత్రంతా జవాబు లేదు. పొద్దున ఫోను చేసింది. మూడోగది గారి కథ చదివి భయపడిందట. ఆదివారం వచ్చి సంతకం పెడతానంది. 18,000 ఒప్పుకుంది. పెయింటు మాత్రం ఒప్పుకోవట్లేదు, "నేను ఒక్క మేకు కూడా కొట్టలేదు" అంటోంది. నిజంగానే కొట్టలేదు, ఆ మేకులు మా కంటే ముందు ఉన్నవాళ్లవి.

లెక్కల_లక్ష్మి
మేకులతో పని లేదండీ. ఓనరు గోడ చూసి పట్టుకోరు, అగ్రిమెంటు చూసి పట్టుకుంటారు. మేకు లేకపోయినా 45,000 పోతుంది.

దావా_దారి
ఆదివారం కలిసినప్పుడు ఆ విషయం కూడా తేల్చి అదే కాగితం వెనుక కాకుండా వేరే కాగితం మీద మీ ముగ్గురే రాసుకోండి. ఓనరు కాగితంలో మీ లోపలి లెక్కలు పెట్టకండి, ఆయనకు అనవసరం. సంతకాలన్నీ అయ్యాకే కొత్త అమ్మాయి డబ్బు పంపాలి. డబ్బు ముందు, సంతకం తర్వాత అనవద్దు.

సర్జాపూర్_సన్నజాజి
అలాగేనండి. కొత్త అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది, నాకు జవాబు తెలియలేదు. ఏప్రిల్ వరకు ఉండి, తర్వాత మేము ముగ్గురం కొనసాగితే, ఈసారి అగ్రిమెంటులో ఎవరి వాటా వారిదే అని రాయించుకోవచ్చా?

జయనగర_ఇంటాయన
అడగవచ్చు. నేనైతే రాయను.

దావా_దారి
రాస్తే చెల్లుతుంది. ఆయన రాయనంటే కనీసం మీ ముగ్గురి మధ్య ఒక కాగితం రాసుకోండి. ఎవరి గది ఎంత, వెళ్లేవారు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మనిషి దొరికేదాకా ఎన్ని నెలలు కట్టాలి, పెయింటు ఎలా పంచుకోవాలి. అర పేజీ చాలు. ఓనరుకు దానితో పనిలేదు, మీకు ఉంది.

సర్జాపూర్_సన్నజాజి
ఆదివారం ఇద్దరం కాదు, నలుగురం కూర్చుని అది కూడా రాస్తాం. పెయింటు సంగతి ఏమైందో వచ్చి చెబుతాను.